ఇంట్లో ఉత్తర ద్వారం: ముక్కోటి ఏకాదశికి పైపులు, పూలు, దీపాలతో

ముక్కోటి ఏకాదశికి ఇంట్లో ఉత్తర ద్వారం కట్టాలనుకున్న మొదటి ఏడాది నా ఆలోచనంతా పూల చుట్టూనే తిరిగింది. తీరా తెల్లవారుజామున నాలుగు గంటలకు మా అత్తయ్య తెర పక్కకు లాగగానే ఫ్రేము మొత్తం ఒరిగి ఆవిడ భుజం మీద పడింది. దీపం ఆ వైపు లేదు కాబట్టి సరిపోయింది. ఆవిడ పూలదండలోంచి తల బయటికి పెట్టి, "ఏమ్మా, వైకుంఠం తలుపులు ఇలా కూడా తెరుచుకుంటాయా?" అన్నారు. ఆ మర్నాటి నుంచే రెండో ఏడాది ద్వారం గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. ఇప్పుడు చెప్పబోయేది ఆ రెండో ఏడాది కట్టినది. కొలతలు మా ఫ్లాట్‌లోని హాలువి. మీ హాలు వేరేలా ఉంటే ఏది మార్చుకోవచ్చో, ఏది మార్చకూడదో మధ్యమధ్యలో చెబుతాను.

ముందు ఏ ద్వారమో తేల్చుకోండి

గుళ్లలో ఈ రోజు జరిగేది అన్నిచోట్లా ఒకలా ఉండదు. తిరుమలలో గర్భాలయం చుట్టూ ఉన్న వైకుంఠ ద్వారం గుండా భక్తులే నడిచి వెళ్తారు. ఇప్పుడు ఆ దారిని పది రోజులు తెరిచి ఉంచుతున్నారు. శ్రీరంగంలో ఉత్సవమూర్తి నంపెరుమాళ్ రత్నాల కవచమైన రత్నాంగి ధరించి, పరమపద వాసల్ అనే వైకుంఠ ద్వారం గుండా బయటికి వేంచేస్తారు. భద్రాచలంలో అయితే ముందురోజు సాయంత్రం గోదావరిలో హంస వాహనం మీద తెప్పోత్సవం చేసి, ఏకాదశి తెల్లవారుజామున రాముణ్ణి ఉత్తర ద్వారం దగ్గర కొలువుదీరుస్తారు. జనమంతా బయట చీకట్లో ఎదురుచూస్తుంటే తలుపులు తెరుచుకుంటాయి, లోపల స్వామి కనిపిస్తాడు.

ఇంటికి నప్పేది భద్రాచలం పద్ధతేనని నా అభిప్రాయం. తిరుమల పద్ధతిలో నడిచి వెళ్లాలంటే ద్వారానికి అటూ ఇటూ దారి కావాలి, మళ్లీ తిరిగి రావడానికి ఇంకో దారి కావాలి. ఫ్లాట్ హాల్లో అది సోఫాల మధ్య సర్కస్ అవుతుంది. స్వామి లోపల ఉంటాడు, మనం బయట నిలబడతాం, తెర తొలగుతుంది అనుకుంటే పదకొండు అడుగుల హాలు చాలు. ఈ నిర్ణయంతోనే మిగతావన్నీ తేలిపోతాయి. ద్వారంలో చూడాల్సింది పూలను కాదు, తెర తీసిన ఆ క్షణంలో లోపల ఉన్నదాన్ని. అందుకే తెర సాఫీగా కదలాలి, ఫ్రేము కదలకూడదు, వెలుగు కళ్లలో పడకుండా లోపలికి పడాలి.

దిక్కు

ఉత్తర ద్వార దర్శనం అంటే మనం ఉత్తరాన ఉండి, ద్వారం గుండా దక్షిణం వైపు చూస్తూ స్వామిని దర్శించుకోవడం. కాబట్టి పీఠం హాలుకు దక్షిణం వైపు గోడ దగ్గర, ఉత్తర ముఖంగా ఉండాలి. దాని ముందు ద్వారం, ద్వారానికి ఇవతల మనం. చాలామంది ఫ్రేమును ఉత్తరం గోడకు ఆనించి దాని వెనక పటం పెడతారు. అలా చేస్తే మనం దక్షిణాన నిలబడి ఉత్తరానికి చూస్తున్నట్టు. పూలు ఎంత బాగున్నా అది దక్షిణ ద్వారమే.

దిక్కు చూసుకోవడంలో ఇంకో పొరపాటు జరుగుతుంది. పొద్దున సూర్యుడు వచ్చిన వైపు తూర్పు అని గుర్తుపెట్టుకుని మిగతా దిక్కులు లెక్కవేస్తే ఈ కాలంలో తప్పుతుంది. ముక్కోటి ఏకాదశి ధనుర్మాసంలో, అంటే డిసెంబరు 16 ప్రాంతం నుంచి సంక్రాంతి లోపల వస్తుంది. ఆ రోజుల్లో హైదరాబాద్ దగ్గర సూర్యుడు సరిగ్గా తూర్పున కాకుండా దాదాపు 25 డిగ్రీలు దక్షిణానికి జరిగి ఉదయిస్తాడు. ఫోన్‌లోని దిక్సూచి నయం. కానీ ఇనుప గ్రిల్, స్పీకరు, ఫ్రిజ్ పక్కన పెడితే అదీ తప్పు చూపిస్తుంది. హాలు మధ్యలో నిలబడి ఒకసారి, రెండడుగులు జరిగి ఇంకోసారి చూడండి. రెండూ ఒకటే చెబితే నమ్మవచ్చు. భవనం కొద్దిగా వంకరగా ఉంటే ఆ కాస్త తేడాకు టెన్షన్ పడకండి, గోడ ఎలా ఉంటే ద్వారమూ అలాగే పెట్టండి.

మా దక్షిణం గోడకు టీవీ ఉంది. దాన్ని విప్పలేదు. గోడకు పైనుంచి పాత కాటన్ చీర వేలాడదీసి టీవీని కప్పేశాను. దాని ముందు టీపాయ్, టీపాయ్ మీద పీట, పీట మీద పటం. పూజగదిలో రోజూ పూజలందుకునే విగ్రహాన్ని కదపడానికి అత్తయ్య ఒప్పుకోలేదు, నాకూ అదే సబబు అనిపించింది. పటమో, ఉత్సవమూర్తిలాంటి చిన్న విగ్రహమో ఉంటే దాన్నే పీఠం మీదికి తెచ్చుకోండి.

గోడ నుంచి కొలత ఇలా వచ్చింది. టీపాయ్‌కి ఒకటిన్నర అడుగు, టీపాయ్ నుంచి ద్వారానికి మూడున్నర అడుగులు, ద్వారం నుంచి మనం నిలబడే చోటుకు ఐదారు అడుగులు. మధ్యలోని ఆ మూడున్నర అడుగులు తగ్గించకండి. అక్కడ ఎవరో ఒకరు కూర్చుని దీపాలు వెలిగించాలి, హారతి ఇవ్వాలి. తెరకూ దీపానికీ మధ్య ఎడం కూడా అదే.

ఫ్రేము

ప్లంబింగ్ సామాన్ల షాపులో ఒక అంగుళం పీవీసీ పైపు 20 అడుగులది ఒకటి తీసుకోండి. సన్నది వద్దు, వంగుతుంది. ఈ కొలతలు షాపులోనే చెప్పి కోయించుకుంటే ఇంటికి ఆటోలో తెచ్చుకోవచ్చు.

– నిలువు స్తంభాలు రెండు, ఒక్కొక్కటి 6 అడుగుల 3 అంగుళాలు
– పైన అడ్డం ఒకటి, 3 అడుగుల 4 అంగుళాలు
– కాళ్లకు నాలుగు ముక్కలు, ఒక్కొక్కటి అడుగు

మొత్తం 19 అడుగుల 10 అంగుళాలు. రంపం కోతకు రెండు అంగుళాలు మిగులుతుంది. వీటితో పాటు మూల తిరిగే ఎల్బోలు రెండు, మూడు నోళ్లున్న టీలు రెండు, ఎండ్ క్యాపులు నాలుగు కావాలి. తెర కోసం విడిగా అరంగుళం పైపు మూడున్నర అడుగులు కోయించుకోండి.

బిగించడం తేలికే. టీకి అటూ ఇటూ అడుగు ముక్కలు పెడితే ఒక కాలు అవుతుంది. అది నేల మీద ముందుకీ వెనక్కీ పడుకుని ఉంటుంది. టీ మూడో నోట్లో స్తంభం నిలబడుతుంది. స్తంభాల పైన ఎల్బోలు, ఎల్బోల మధ్య అడ్డం పైపు. అతుకులతో కలిపి ఎత్తు ఇంచుమించు ఆరున్నర అడుగులు వస్తుంది.

మా మొదటి ఏడాది ద్వారం పడిపోయింది ఇక్కడే. పైపులు అతుకుల్లో గట్టిగా దూరాయి కదా, సరిపోతుందనుకున్నాను. పీవీసీ అతుకు నేరుగా లాగితే సులువుగా ఊడిరాదు గానీ తిప్పితే తిరుగుతుంది. తెర లాగినప్పుడు ఆ బలం ఫ్రేము మీద పడి, కాలి ముక్కలు టీలోనే గుండ్రంగా తిరిగాయి. కాళ్లు నేల మీదే ఉన్నాయి, స్తంభాలు మాత్రం ఒరిగిపోయాయి. కింద బరువు పెట్టినా ప్రయోజనం లేకపోయింది, ఎందుకంటే బరువు కాలిని పట్టుకుంటుందే తప్ప అతుకు తిరగకుండా ఆపలేదు.

మందు సులభం. ప్రతి అతుకు దగ్గర బయటి గొట్టంలోంచి లోపలి పైపులోకి దిగేలా అర అంగుళం స్క్రూ ఒకటి వేయాలి. రెండు ఎల్బోలకు నాలుగు, రెండు టీలకు ఆరు, మొత్తం పది స్క్రూలు. డ్రిల్లు లేకపోతే ప్లంబర్‌ను పిలిస్తే పది నిమిషాల పని. జిగురు వేయించకండి. జిగురుతో అతికితే మళ్లీ విప్పలేం, ఆరున్నర అడుగుల చట్రాన్ని ఏడాదంతా మంచం కింద దాచలేం. స్క్రూలు వేసే ముందు కాళ్లు రెండూ నేలకు సమంగా ఆనేలా చూసుకోండి. ఒకసారి వేశాక సర్దడం కుదరదు.

తర్వాత బరువు. ప్రతి కాలి చివర ఒక ఇటుక, మొత్తం నాలుగు. ఇటుకలు దొరకకపోతే మూడేసి కిలోల ఇసుక సంచులు. కాటన్ గుడ్డతో చుట్టేస్తే అసహ్యంగా కనిపించవు. అడ్డం పైపు నుంచి వెనక గోడకున్న కర్టెన్ కొక్కేనికి ఒక నైలాన్ దారం కూడా కట్టాను, అది ముందుకు పడకుండా ఆపుతుంది. ఇప్పుడు పైన అడ్డాన్ని ఒక్క వేలితో నెట్టి చూడండి. కాస్త ఊగి వెంటనే ఆగిపోతే సరే. ఊగుతూనే ఉంటే ఎక్కడో ఒక స్క్రూ లోపలి పైపును పట్టుకోలేదని అర్థం.

పైపుకు బట్ట

పీవీసీ నున్నగా ఉంటుంది. దాని మీద కట్టిన పూలదండ అర్ధరాత్రికి తన బరువుకు తానే జారి మోకాళ్ల దగ్గర కుప్పపడుతుంది. ముడి ఎంత గట్టిగా వేసినా జారేది దారం కాదు, దారం కింద పైపు. అందుకే ముందుగా పైపుకు బట్ట చుట్టాలి. పాత పసుపురంగు కాటన్ చీరను నాలుగంగుళాల పట్టీలుగా చింపి, కింది నుంచి పైకి, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు సగం పడేలా చుట్టుకుంటూ వెళ్లండి. ప్రతి రెండడుగులకు ఒక పిన్నీసు. ఈ బట్ట మీద పురికొసతో కట్టిన ముడి కదలదు. పైగా పూల మధ్య సందుల్లోంచి తెల్ల పైపు బదులు పసుపు కనిపిస్తుంది.

తెర

అట్టతో తలుపు రెక్కలు చేసి, బంగారు రంగు కాగితం అంటించి, కబ్జాలు పెట్టినవాళ్లు ఉన్నారు. చూడ్డానికి బాగుంటాయి. కానీ అట్ట రెక్కలు చలికాలపు తేమకు వంగుతాయి, తెరిచేటప్పుడు ఒకటి నేలను గీరుకుంటూ ఆగిపోతుంది. గుళ్లో అలంకారం అయ్యేదాకా స్వామి ముందు ఉండేది తెరే కదా, ఇంట్లోనూ తెరే మేలు.

రెండు మీటర్ల పొడవున్న తెల్ల జరీ పంచెలు రెండు తీసుకోండి. పంచె అంచు పొడవునా ఉంటుంది. దాన్ని పొడవుగా వేలాడదీస్తే జరీ అంచు నిలువుగా దిగుతుంది. రెండు పంచెల అంచులూ మధ్యలో కలిసేలా పెడితే మూసిన తెర మీద పైనుంచి కిందికి ఒక బంగారు గీత, అచ్చం రెండు తలుపుల మధ్య సందులా కనిపిస్తుంది. ఇది నేను అనుకుని చేసింది కాదు, వేలాడదీశాక కనిపించింది.

పంచె పైచివరను నాలుగంగుళాలు మడిచి సన్నగా కుట్టేస్తే అరంగుళం పైపు దూరే గొట్టం తయారవుతుంది. కిందికి ఆరడుగులకు పైగా దిగి, నేలకు రెండు మూడంగుళాల పైన ఆగుతుంది. ఆ సందు ఉండనివ్వండి. నేలను రాసుకునే తెర కాళ్లకు చుట్టుకుంటుంది. ఈ సన్న పైపును ఫ్రేముకు వెనకవైపు, అంటే పీఠం వైపు, రెండంగుళాల ఎడంతో కట్టాలి. రెండు చెక్క ముక్కలు మధ్యలో పెట్టి పురికొసతో బిగిస్తే ఆ ఎడం వస్తుంది. ఎడం లేకుండా కడితే తెర లాగినప్పుడల్లా ముందున్న పూలు చిక్కుకుని తెగుతాయి.

కుట్టిన గొట్టం పైపు మీద జారడం లేదనిపిస్తే పైపుకు కొవ్వొత్తి రుద్దండి. రాత్రే పదిసార్లు తెరిచి మూసి చూడండి. తెల్లవారుజామున తెర సగంలో ఇరుక్కుంటే దాన్ని సర్దడానికి ఎవరో ఒకరు స్వామికి అడ్డంగా నిలబడాల్సి వస్తుంది.

వెలుగు

పూలకంటే ముందు లైట్లు కట్టాలి. పూలు కట్టాక వైరు దూర్చబోతే సగం రేకులు నేల మీద ఉంటాయి.

పండగలకు బయట దొరికే సీరియల్ లైట్ల సెట్టు చాలావరకు నేరుగా ఇంటి కరెంటు మీద నడుస్తుంది. దాని వైరు సన్నగా ఉంటుంది, అతుకుల దగ్గర పూత లేచి ఉంటుంది. దాని మీద నీళ్లు చల్లిన పూలు, పక్కన ఉపవాసంతో తడి చీర కట్టుకుని తిరిగే పెద్దవాళ్లు. ఆ రెండూ ఒకచోట వద్దు. 12 వోల్టుల ఎల్ఈడీ స్ట్రిప్ కొనండి. ఐదు మీటర్ల చుట్టగా దొరుకుతుంది. మన స్తంభాలూ అడ్డమూ కలిపి 4.83 మీటర్లు, కాబట్టి ఒక చుట్ట సరిగ్గా సరిపోతుంది. పైన సిలికాన్ పూత ఉన్నది అడగండి, రంగు వార్మ్ వైట్. తెల్లటి తెలుపు కొంటే బంతిపూలు పాలిపోయి, ఆసుపత్రి వరండాలా ఉంటుంది. మీటరుకు 4.8 వాట్ల స్ట్రిప్ అయితే ఐదు మీటర్లకు 24 వాట్లు. దానికి 12 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టరు ధారాళంగా సరిపోతుంది. 2 ఆంపియర్లదీ నడుస్తుంది గానీ రాత్రంతా అంచు మీద పనిచేసి వేడెక్కుతుంది.

కొన్నాక చుట్ట విప్పకుండానే వెలుగుతుందో లేదో చూద్దామని ఎక్కువసేపు వదిలేయకండి. చుట్టగా ఉన్నప్పుడు వేడి బయటికి పోదు. విప్పి నేల మీద పరిచి చూడండి.

స్ట్రిప్‌ను ఫ్రేముకు వెనకవైపు, తెరవైపు తిరిగి ఉండేలా కట్టాలి. వెనక ఉన్న జిగురు బట్టకు అంటదు, అందుకే జానెడుకొకచోట తెల్లదారంతో కట్టండి. ఎల్బో దగ్గర పదునుగా మడవకండి, గుండ్రంగా వంచండి. మడిచిన చోట లోపలి రాగి పట్టీ తెగిందంటే అక్కణ్నుంచి చివరిదాకా చీకటే. సగం దాకా వెలిగి ఆగిపోయిన స్ట్రిప్ కనిపిస్తే ముందు చూడాల్సింది ఆ మూలనే. అడాప్టరు ప్లగ్గు పాయింటు దగ్గరే, గోడవైపు ఉండాలి, పూల కింద నేల మీద కాదు.

ఇలా కట్టడం వల్ల మనకు బల్బు కనిపించదు. మూసిన తెల్ల తెర అంచులు మాత్రం వెలుగుతాయి. తెర తీసినప్పుడు రెండు పంచెలూ చెరో పక్కకు మడతలుగా చేరి, వెనక్కి పడే వెలుగును పట్టుకుని రెండు స్తంభాల్లా మెరుస్తాయి. పీఠం మీద మాత్రం లైటు పెట్టకండి. అక్కడ వెలుగు దీపాలదే. రెండు కుందుల్లో ఐదేసి వత్తులు వేస్తే చీకటి హాల్లో చాలినంత వెలుగు వస్తుంది. ద్వారం కాళ్ల దగ్గర, గుమ్మంలో, నేల మీద ప్రమిదలు పెట్టే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి వద్దు. తెర, ఎండిన మామిడాకు, పిల్లల పట్టులంగా, ఈ మూడూ అక్కడే తిరుగుతుంటాయి.

పూలు

ఎన్ని పూలు కావాలన్నది మూరల్లో లెక్క వేసుకుంటే తేలిక. ఫ్రేము చుట్టూ పదకొండు మూరలు అనుకోండి. దబ్బనంతో దగ్గరగా గుచ్చితే మధ్యస్థం సైజు బంతిపూలు మూరకు 18 నుంచి 20 పట్టాయి. అంటే ఒక వరుసకు 220 పూలు. కిలోకు 150 దాకా తూగాయి కాబట్టి కిలోన్నర. పైన వేలాడే చిన్న దండలకు ఇంకో అర కిలో, నలిగినవాటికి అర కిలో. రెండున్నర కిలోలు తెచ్చుకుంటే సరిపోతుంది. పూలు చిన్నవైతే మూరకు ఎక్కువ పడతాయి గానీ బరువు పెద్దగా మారదు.

హైదరాబాద్‌లో గుడిమల్కాపూర్ మార్కెట్‌కు, గోదావరి జిల్లాల్లో అయితే కడియపులంకకు వెళ్లగలిగితే విడిపూలు కిలోల్లో తెచ్చుకుని ఇంట్లో గుచ్చుకోవడం మేలు. వీధి చివర గుచ్చిన దండ కొంటే అది పొద్దుటి నుంచి నీళ్లు చల్లించుకుంటూ ఉన్నదే. దండను పైకెత్తి పువ్వు కాడ దగ్గర వాసన చూడండి. పుల్లగా ఉంటే లోపల మగ్గడం మొదలైంది, తెల్లారేసరికి గోధుమరంగుకు తిరుగుతుంది. తెచ్చిన పూలను పాలిథిన్ కవర్లో అస్సలు ఉంచకండి. రెండు గంటల్లో కవరు లోపల చెమటపట్టి వేడెక్కుతుంది. వెదురుబుట్టలోనో వెడల్పాటి పళ్లెంలోనో పరిచి, పిండిన తడిగుడ్డ కప్పి బాల్కనీలో పెట్టండి. ఈ కాలం చలికి అదే ఫ్రిజ్.

గుచ్చేటప్పుడు దబ్బనం కాడవైపు పచ్చటి బుడిపెలోంచి దిగి పువ్వు మధ్యలోంచి రావాలి. పక్క నుంచి గుచ్చితే పువ్వు ఒకవైపుకు తిరిగి, దండలో ఖాళీలు కనిపిస్తాయి. పది పూలకొకసారి మామిడాకు మడిచి గుచ్చితే పసుపు మధ్య పచ్చ కనిపిస్తుంది, పూలూ తక్కువ పడతాయి. దండను మూడు ముక్కలుగా చేసుకోండి. స్తంభానికొకటి, అడ్డానికొకటి. ఒకే పొడవు దండ అయితే ఒకచోట తెగినా మొత్తం రాలుతుంది. కట్టడం పై నుంచి మొదలుపెట్టండి, అడుగుకొక ముడి.

పైన వేలాడే దండలు ఏడు. రెండు చివర్లవి ముప్పావు అడుగు, మధ్యకు వచ్చేకొద్దీ పొట్టిగా, నడిమిది నాలుగు పూలే. అందానికి మాత్రమే కాదు, ఆరున్నర అడుగుల ద్వారంలో నడిమి దండ పొడుగ్గా ఉంటే మా వారి నుదుటికి తగులుతుంది. అడ్డం మీద మధ్యలో అట్టకు తెల్ల చామంతులు, ఎర్ర గులాబీ రేకులు అంటించి చేసిన తిరునామం పెట్టాను. అటూ ఇటూ శంఖచక్రాలు. స్వామి కుడిచేతిలో చక్రం, ఎడమచేతిలో శంఖం ఉంటాయి కాబట్టి, ఎదురుగా నిలబడ్డ మనకు చక్రం ఎడమవైపు, శంఖం కుడివైపు రావాలి. స్తంభాల బయటివైపు రెండు అరటి పిలకలు కడితే అవే జయవిజయులు.

బంతిపూలు పూజకు వాడకపోవడం మన చాలా ఇళ్లలో ఆచారం. అందుకే బంతి ద్వారానికే, స్వామికి తులసి, చామంతులు. తులసి విషయంలో ముందుచూపు కావాలి. ద్వాదశి నాడు తులసి కోయకూడదంటారు, ఏకాదశి నాడూ కోయనివాళ్లు ఉన్నారు. రెండు రోజులకూ సరిపడా దశమి ఉదయమే కోసి, తడిగుడ్డలో చుట్టి పెట్టుకోండి.

కట్టేశాక బంతి మీద నీళ్లు తుంపర్లుగా ఒకసారి చల్లవచ్చు. చామంతి మీద వద్దు, రేకుల మధ్య నీరు నిలిచి మచ్చలు పడతాయి. నేల మీద, నడిచే చోట రేకులు పరచకండి. టైల్ మీద తడి బంతి రేకు అరటితొక్కతో సమానం. ముగ్గు కూడా ద్వారానికి అటూ ఇటూ వేయండి, మధ్యలో వేస్తే మొదటి దర్శనానికే చెరిగిపోతుంది.

దశమి రాత్రి, ఏకాదశి తెల్లవారుజాము

క్యాలెండరు చూసుకోవడం మర్చిపోకండి. ధనుర్మాసం సూర్యుణ్ణి బట్టి, ఏకాదశి చంద్రుణ్ణి బట్టి వస్తాయి కాబట్టి ఇది ఇంగ్లిషు తేదీల్లో నిలకడగా ఉండదు. 2024లో అసలు రాలేదు, 2025లో జనవరి 10న ఒకటి, డిసెంబరు 30న ఇంకొకటి వచ్చాయి. విదేశాల్లో ఉన్నవాళ్లు మీ ఊరి సూర్యోదయం ప్రకారం పంచాంగం చూసుకోవాలి, ఒక్కోసారి రోజు మారుతుంది.

ఫ్రేము, బట్ట, తెర, స్ట్రిప్ దశమికి ఒకరోజు ముందే అయిపోవాలి. దశమి సాయంత్రం పూలు వస్తాయి. ముగ్గురు కూర్చుంటే గుచ్చడం రెండు గంటలు, కట్టడం గంట. మాకు పదిన్నరకు అయిపోయింది. పడుకునే ముందు స్ట్రిప్ ఆపేశాం, బాల్కనీ తలుపు కాస్త తెరిచి ఉంచాం, ఫ్యాను వేయలేదు. ఫ్యాను గాలికి పూలు పొద్దుటికి వడిలి అంచులు ముడుచుకుంటాయి.

మూడున్నరకు లేచి స్నానాలయ్యాక ఒక్కరే లోపలికి వెళ్లాలి. మా ఇంట్లో అది మామయ్యగారు. తెర మూసి ఉండగానే ఆయన పక్క నుంచి వెళ్లి దీపాలు వెలిగించి, తులసిమాల వేసి, నైవేద్యం పెట్టారు. మేమంతా ఇవతల, హాల్లో లైట్లన్నీ ఆపేసి నిలబడ్డాం. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఐదు నిమిషాలు పడుతుంది, ఆ ఐదు నిమిషాలూ ఫోన్లు జేబుల్లోనే ఉండాలి. తర్వాత నేను స్ట్రిప్ వేశాను. తెర అంచులు వెలిగాయి, మధ్యలో జరీ గీత ఒక్కటే మెరిసింది. మామయ్యగారు లోపల గంట కొట్టారు. ఈసారి తెర లాగింది మళ్లీ అత్తయ్యే, రెండు చేతులతో రెండు పంచెలూ ఒకేసారి. తీశాక ఆవిడ ముందు చూసింది ఫ్రేము వైపు, తర్వాతే స్వామి వైపు.

విప్పడం

ద్వాదశి పారణ అయ్యాక, ఉద్వాసన చెప్పి విప్పేయండి. మూడో రోజుకు బంతి దండల లోపలివైపు బూజు మొదలవుతుంది, బట్టకు మరకలు పడతాయి. దండల్లోంచి దారం లాగేసి, పూలను ముక్కలు చేసి కుండీల్లో మట్టితో కలపండి. దారంతో పడేస్తే మొక్క వేళ్లకు చుట్టుకుంటుంది. స్ట్రిప్‌ను అది వచ్చిన చుట్టకే, మడతల్లేకుండా తిప్పండి.

స్క్రూలు తీసే ముందు ప్రతి అతుకు దగ్గర, పైపు మీదా దాని ఎల్బో మీదా ఒకే అక్షరం స్కెచ్ పెన్నుతో రాయండి. అ దగ్గర అ, ఆ దగ్గర ఆ. రంధ్రాలు చేత్తో వేసినవి కాబట్టి ఒక పైపు రంధ్రం ఇంకో ఎల్బోకు కుదరదు. పది స్క్రూలనూ చిన్న డబ్బాలో వేసి, ఆ డబ్బాను టేపుతో అడ్డం పైపుకే అంటించేశాను. మంచం కింద ఆరడుగుల మూటగా పడుంది.